మేఘాలన్నీ తెల్ల ముద్ద: డిస్క్‌లో ఒకలా, స్ట్రీమింగ్‌లో ఒకలా. తప్పెక్కడ?

మెహదీపట్నం_మహి
55 అంగుళాల ఓలెడ్ తీసుకున్నాను. రివ్యూల్లో పీక్ 600 నిట్స్ చుట్టుపక్కల కొలిచారు. ఒకే సినిమా నా దగ్గర రెండు రకాలుగా ఉంది. ఒకటి 4కే డిస్క్, హెచ్‌డీఆర్10 మాత్రమే. రెండోది స్ట్రీమింగ్ యాప్‌లో, డాల్బీ విజన్. మంచు కొండ మీద మిట్టమధ్యాహ్నం నడిచే సీన్ ఒకటుంది. స్ట్రీమింగ్‌లో మేఘాల మడతలు, అంచులు చక్కగా కనిపిస్తున్నాయి. డిస్క్‌లో అదే షాట్ పెడితే మేఘాలన్నీ కలిసిపోయి సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. డిస్క్ బిట్ రేట్ ఎంత ఎక్కువ, స్ట్రీమింగ్‌ది ఎంత తక్కువ! డబ్బు పెట్టి డిస్క్ కొన్నవాడికి ఇదేం శిక్ష? స్టాటిక్ మెటాడేటా అంటే ఇంతేనా, లేక నా టీవీలో లోపమా?

సోఫా_సామ్రాట్
ఇంతే బ్రో. స్టాటిక్ అంటే సినిమా మొత్తానికీ ఒకటే నంబర్, డైనమిక్ అంటే సీన్ సీన్‌కీ వేరే నంబర్. డైనమిక్‌లో హైలైట్ డీటెయిల్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. డిస్క్ అమ్మేసి సబ్‌స్క్రిప్షన్ కట్టుకో.

కేబుల్_కిట్టు
కేబుల్ ఏది వాడుతున్నారు? హెచ్‌డీఎంఐ 2.1 కాకపోతే డైనమిక్ మెటాడేటా అసలు పోదు. 48 జీబీపీఎస్ కేబుల్ వేసి చూడండి.

మెహదీపట్నం_మహి
@కేబుల్_కిట్టు డిస్క్‌లో డైనమిక్ లేనే లేదండి. స్ట్రీమింగ్ టీవీలోని యాప్‌లోనే నడుస్తుంది, దానికి కేబులే లేదు.

నిట్స్_నాగు
కిట్టు గారూ, 2.1 ప్రచారంలో డైనమిక్ హెచ్‌డీఆర్ అని రాయడం వల్ల చాలామంది ఇలాగే అనుకుంటున్నారు. డాల్బీ విజన్ అంతకుముందు నుంచే 2.0 పోర్టుల్లో పోతోంది. మెటాడేటా చాలా చిన్నది, దానికి బ్యాండ్‌విడ్త్ సమస్య రాదు.

మహి, ముందు ఒక మాట చెప్పు. హెచ్‌డీఆర్10 నడుస్తున్నప్పుడు పిక్చర్ మెనూలో టోన్ మ్యాపింగ్ అనే చోట ఏముంది? On, Off, HGiG అని మూడు ఉంటాయి. డాల్బీ విజన్ నడిచేటప్పుడు ఆ ఆప్షన్ కనిపించదు కాబట్టి డిస్క్ పెట్టి చూడు.

మెహదీపట్నం_మహి
HGiG లో ఉందన్నా. ‘డైరెక్టర్ ఉద్దేశించినట్టు చూడాలంటే ఇదే’ అని ఒక వీడియోలో చెప్తే పెట్టాను.

నిట్స్_నాగు
అనుకున్నాను.

అది గేముల కోసం పెట్టిన మోడ్. గేమ్ కన్సోల్ ముందే టీవీ పీక్ ఎంతో తెలుసుకుని, బొమ్మను ఆ హద్దులోనే తయారు చేసి పంపుతుంది. కాబట్టి టీవీ ఇంకేమీ సర్దకూడదు అనేదే దాని ఉద్దేశం. 600 దాకా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, ఆ పైన వచ్చిందంతా 600 దగ్గరే కోసేస్తుంది. సినిమా నీ టీవీ ఏదో చూసుకుని రాలేదు కదా. మేఘంలో ఒక చోట 650, ఇంకో చోట 900, అంచున 1000 నిట్స్ ఉన్నాయనుకో, HGiG లో మూడూ 600 అయిపోతాయి. మడత అనేదే మిగలదు. ఇది మెటాడేటా తప్పు కాదు. ఆ మోడ్ మెటాడేటాను పట్టించుకోనే పట్టించుకోదు.

Off పెట్టు. పేరు చూసి భయపడకు. Off అంటే వెలుగును టీవీ హద్దులోకి అణిచే టోన్ మ్యాపింగ్ లేదని కాదు, డిస్క్‌లో రాసిన స్టాటిక్ నంబర్‌ను బట్టి ఒకే వంపు వాడుతుందని.

సోఫా_సామ్రాట్
అంత కష్టం ఎందుకు, On పెడితే అది కూడా డైనమిక్కే కదా. డాల్బీ విజన్ లాంటిదే, ఉచితంగా.

రంగులగది
లాంటిది కాదు. పోస్ట్ ప్రొడక్షన్‌లో కలర్ పని చేస్తాను కాబట్టి చెప్తున్నాను. డాల్బీ విజన్‌లో, హెచ్‌డీఆర్10 ప్లస్‌లో ప్రతి షాట్‌లో ఎంత వెలుగుందో మా దగ్గరే లెక్క తీసి ఫైల్‌తో పాటు పంపుతాం. On లో టీవీ తనంతట తానే వచ్చిన ఫ్రేమ్ చూసి ఊహిస్తుంది. తర్వాతి ఫ్రేమ్‌లో ఏముందో, షాట్ ఎక్కడ మారుతుందో దానికి తెలియదు. చీకటి గదిలో తలుపు తెరుచుకుని వెలుగు వచ్చే షాట్ పెట్టి గోడను గమనించండి. కొన్ని సెట్లలో గోడ మెల్లగా మసకబారుతుంది. మేం గోడను ముట్టుకోలేదు, టీవీ ముట్టుకుంది. మా మెటాడేటాలో ఆ షాట్ మొత్తానికీ ఒకే విలువ ఉంటుంది కాబట్టి గోడ కదలదు.

సోఫా_సామ్రాట్
సరే అక్కా, గోడ మీది. కానీ పగలు హాల్లో కర్టెన్ లేకుండా చూసేవాడికి On ఒక్కటే దిక్కు.

రంగులగది
అది ఒప్పుకుంటాను. మా గది చీకటి, మీ హాల్ వేరు.

మెహదీపట్నం_మహి
Off పెట్టి చూశాను. మేఘాల్లో మడతలు వచ్చాయి! కానీ ఇంకో తలనొప్పి మొదలైంది. మంచు డల్ అయింది. మిట్టమధ్యాహ్నం అయిందల్లా సాయంత్రం నాలుగు గంటల్లా ఉంది. స్ట్రీమింగ్‌లో మంచు కళ్ళు చికిలించేంత మెరుస్తోంది. అంటే సామ్రాట్ చెప్పింది నిజమే కదా, స్టాటిక్ అంటే ఇంతే?

నిట్స్_నాగు
ఇప్పుడు అసలు విషయానికి వచ్చావు. డిస్క్‌లో నంబర్ ఎంతుందో తెలిస్తే చెప్పొచ్చు. డిస్క్ నుంచి తీసుకున్న ఫైల్ కంప్యూటర్‌లో ఉంటే ఇది నడుపు:

```
ffprobe -v error -select_streams v:0 -show_frames \
  -read_intervals "%+#1" \
  -show_entries frame=side_data_list input.mkv
```

వచ్చినదాంట్లో max_luminance, max_content, max_average అనే మూడు పంక్తులు ఇక్కడ పెట్టు.

మెహదీపట్నం_మహి
```
max_luminance=40000000/10000
max_content=0
max_average=0
```
సున్నా ఏంటన్నా? సినిమాలో వెలుగే లేదా?

డల్లాస్_మూర్తి
😂 సున్నా నిట్స్ సినిమా. మా ఆవిడ కూడా అదే అంటుంది, ఈ మధ్య సినిమాల్లో ఏమీ కనబడటం లేదని.

నిట్స్_నాగు
సున్నా అంటే ఎవరూ నింపలేదని. చాలా డిస్కుల్లో అలాగే వదిలేస్తారు. max_content నే మనం మాక్స్‌సీఎల్ఎల్ అంటాం, అంటే సినిమా మొత్తంలో అన్నిటికంటే వెలుగైన ఒక్క పిక్సెల్. అది లేకపోతే టీవీలు సాధారణంగా రెండో దారి పడతాయి. సినిమాను గ్రేడ్ చేసిన మానిటర్ పీక్ ఎంతో చూస్తాయి. నీ దాంట్లో అది 40000000ను 10000తో భాగిస్తే 4000 నిట్స్. అంటే నీ టీవీ ‘ఈ సినిమాలో 4000 దాకా ఏదైనా రావచ్చు’ అనుకుని, దానికి చోటు ఉంచుకుని కూర్చుంటుంది. మంచు షాట్‌లో 4000 ఉందా లేదా అని అడగదు. ఎక్కడో గంట తర్వాత వెల్డింగ్ నిప్పురవ్వ ఒకటి ఎగిరితే దాని కోసం సినిమా మొత్తాన్నీ దించుతుంది. పెళ్ళిలో ఆరున్నర అడుగుల బావగారు ఒకాయన ఉన్నాడని అందరికీ ఆయన కొలతకే చొక్కాలు కుట్టించినట్టు.

లెక్క కూడా వేసి చూపిస్తా. ప్రతి కంపెనీ తన వంపు తను రాసుకుంటుంది, బయటికి చెప్పదు. అందుకని ఐటీయూ బీటీ.2390 నివేదికలో అందరికీ తెలిసిన వంపు ఒకటుంది, దాంతో చేస్తున్నాను. టీవీ 600 నిట్స్ అనుకుందాం.

సోర్స్ పీక్ 4000 అని చెబితే వంపు దాదాపు 230 నిట్స్ దగ్గరే మొదలవుతుంది. అక్కడి నుంచి పైదంతా అణుగుతుంది. 500 నిట్స్ ఉన్న మంచు సుమారు 410కి దిగుతుంది. నీకు సాయంత్రం నాలుగు గంటలు కనిపించింది అందుకే.

అదే షాట్ పీక్ 1000 అని చెబితే వంపు 460 దగ్గర మొదలవుతుంది. 500 మంచు దాదాపు 500గానే ఉంటుంది. ఫైల్ అదే, టీవీ అదే, పిక్సెల్ అదే. చెప్పిన నంబర్ ఒక్కటే మారింది.

మెహదీపట్నం_మహి
ఇది అర్థమైంది. డైనమిక్ అయితే ఆ షాట్‌కి 1000 అని వస్తుంది, డిస్క్‌లో 4000 అని ఉండిపోయింది. అంతేనా?

సోఫా_సామ్రాట్
నేను మొదటి పోస్ట్‌లోనే చెప్పాను. డైనమిక్‌లో హైలైట్ డీటెయిల్ ఎక్కువ. ట్రీట్ ఎప్పుడు?

నిట్స్_నాగు
ఆగు సామ్రాట్. నువ్వు చెప్పింది సగమే. మిగతా సగం నీకు తిరగబడుతుంది.

మంచు సంగతి అయింది, ఇప్పుడు మేఘాలు తీసుకుందాం. మేఘంలో నీడ వైపు 600, వెలుగు వైపు 1000 నిట్స్ అనుకో. 4000 వంపులో 600 వచ్చి 450 అవుతుంది, 1000 వచ్చి 535 అవుతుంది. మధ్యలో 85 నిట్స్ తేడా మిగిలింది. 1000 వంపులో 600 వచ్చి 555 అవుతుంది, 1000 వచ్చి 600 అవుతుంది. మిగిలిన తేడా 45 మాత్రమే. అందులోనూ 800 పైనున్నదంతా 596 నుంచి 600 మధ్య ఇరుక్కుంటుంది, కంటికి ఒకటే తెలుపు.

అంటే ఈ షాట్‌లో స్టాటిక్ వంపులోనే మేఘాల మడతలు కాస్త ఎక్కువ మిగిలాయి. డైనమిక్ ఇచ్చింది డీటెయిల్ కాదు, వెలుగు. మంచును దాని స్థానంలో నిలబెట్టింది, దానికి బదులుగా మేఘం పై అంచును ఇంకాస్త నొక్కింది. టీవీ దగ్గర ఉన్నది 600 నిట్సే. కింద ఖర్చు పెడితే పైన మిగలదు.

సోఫా_సామ్రాట్
మరి మహికి స్ట్రీమింగ్‌లో మడతలు బాగా కనబడ్డాయి కదా?

నిట్స్_నాగు
అతను పోల్చింది HGiG తో. అక్కడ 600 నుంచి 1000 దాకా తేడా సున్నా. సున్నాతో పోలిస్తే 45 కూడా అద్భుతంగానే ఉంటుంది.

మెహదీపట్నం_మహి
కానీ అన్నా, ఇప్పుడు Off తో పోల్చినా స్ట్రీమింగ్‌లో మేఘాలు బాగానే ఉన్నాయి. లెక్క ప్రకారం తక్కువ ఉండాలి కదా? పాజ్ చేసి మరీ చూశాను.

రంగులగది
దీనికి నేను చెప్తాను. నాగు గారు చూపింది షాట్ పీక్ ఒక్కటే తీసుకుని వేసిన వంపు. డాల్బీ విజన్‌లో రెండు మెట్లు ఉంటాయి. మొదటిది ఆటోమేటిక్. సాఫ్ట్‌వేర్ షాట్ మొత్తం చూసి కనిష్ఠం, సగటు, గరిష్ఠం రాస్తుంది. దీన్ని ఎల్1 అంటాం. సగటు కూడా ఉంది గమనించండి. మంచు షాట్‌లాగా తెర నిండా వెలుగు ఉన్నదానికీ, రాత్రి ఆకాశంలో చంద్రుడు ఒక్కడే ఉన్నదానికీ గరిష్ఠం ఒకటే అయినా వంపు ఒకటే రాదు. సినిమాస్కోప్‌లో పైనా కిందా నల్ల పట్టీలుంటే వాటిని కలపకుండా చూసుకోవాలి, లేకపోతే సగటు తప్పుతుంది.

రెండో మెట్టు ట్రిమ్. ఆటోమేటిక్ ఫలితం తక్కువ వెలుగు టీవీలో ఎలా వస్తుందో మానిటర్‌లో చూసి, నచ్చకపోతే చేత్తో సర్దుతాం. మేఘాలు కలిసిపోతున్నాయంటే ఆ షాట్‌కి మాత్రం పైభాగం కాస్త దించి, మధ్యభాగం పట్టుకుంటాం. మీరు చూసిన మడతలు బహుశా ఎవరో ఒకరు కూర్చుని చేసినవి.

‘బహుశా’ అని ఎందుకన్నానంటే, ట్రిమ్ అన్నిసార్లూ అంత శ్రద్ధగా జరగదు. 100 నిట్స్ ట్రిమ్ ఎలాగూ చేయాల్సిందే, ఎస్‌డీఆర్ దాన్నుంచే వస్తుంది. 600కి, 1000కి విడిగా చేసేంత టైమ్ చాలా ప్రాజెక్టుల్లో ఇవ్వరు. అప్పుడు టీవీ 100 ట్రిమ్‌కీ మాస్టర్‌కీ మధ్య తనే అంచనా వేసుకుంటుంది. డెలివరీ రేపు పొద్దున అని ఈ రాత్రి చెబితే మేఘాల మడతలు ఎవరు చూస్తారు!

డల్లాస్_మూర్తి
ఐటీలో రిలీజ్ డే కథ అక్కడ కూడా ఉందన్నమాట.

ప్రొజెక్టర్_బాబాయ్
మీరంతా 600 నిట్స్‌కి ఏడుస్తున్నారు. నా 120 అంగుళాల తెర మీద 100 నిట్స్ దాటితే పండగ. నాకు స్టాటిక్ మెటాడేటాతో 4000 డిస్క్ పెడితే సినిమా మొత్తం గ్రహణం పట్టినట్టే. చాలా ప్రొజెక్టర్లకు డాల్బీ విజన్ లేదు. అందుకని పీసీలో మ్యాడ్‌వీఆర్ పెట్టుకుని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కొలిపిస్తున్నాను. అక్కయ్య చెప్పిన గోడ సమస్య మొదట్లో నాకూ వచ్చింది. కానీ కంప్యూటర్ కాబట్టి కొన్ని ఫ్రేములు ముందే చూసుకుని, షాట్ మారినప్పుడే వంపు మారుస్తుంది. టీవీకి ఆ తీరిక లేదు. కాబట్టి మెటాడేటా లేకపోతే బతకలేం అనేది అబద్ధం. కొలిచే యంత్రం బాగుంటే చాలు.

రంగులగది
బాబాయ్ గారూ, యంత్రం ఎంత వెలుగుందో కొలుస్తుంది, ఒప్పుకుంటా. ఏది ముఖ్యమో దానికెలా తెలుస్తుంది? అదే షాట్‌లో మేఘాల ముందు మనిషి ముఖం ఉంటే నేను మేఘాన్ని వదిలేసి ముఖాన్ని కాపాడతాను. మీ యంత్రం రెండిటినీ సమానంగా చూస్తుంది.

ప్రొజెక్టర్_బాబాయ్
మీరు టైమ్ లేక ట్రిమ్ చేయలేదని ఇప్పుడే చెప్పారు కదమ్మా. అప్పుడు ముఖాన్ని ఎవరు కాపాడారు?

రంగులగది
… దానికి నా దగ్గర సమాధానం లేదు. ప్రొడ్యూసర్‌ని అడగాలి.

సోఫా_సామ్రాట్
బాబాయ్ 1, అక్క 0.

బెజవాడ_బుల్లోడు
మాది సామ్‌సంగ్. డాల్బీ విజన్ లేదు కాబట్టి అదే సినిమా మాకు హెచ్‌డీఆర్10గానే వస్తుంది. హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటే ఇదంతా సరిపోతుందా, లేక అది పేరుకేనా?

నిట్స్_నాగు
పేరుకు కాదు. అది కూడా సీన్ సీన్‌కీ సమాచారం మోస్తుంది. తేడా ఏంటంటే గరిష్ఠం, సగటుతో ఆపకుండా ఏ వెలుగులో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో పంపిణీ కూడా రాస్తుంది. ఒక్క పిక్సెల్ 4000 ఉండి మిగతా అంతా 900 లోపే ఉంటే టీవీకి ఆ సంగతి తెలుస్తుంది, ఆ ఒక్క పిక్సెల్‌ని వదిలేయొచ్చు. వంపు కూడా దాంతో పాటే పంపవచ్చు. ప్రైమ్ వీడియోలో మొదటి నుంచీ ఉంది, 2017లో సామ్‌సంగ్, అమెజాన్ కలిసే దాన్ని ప్రకటించాయి. నెట్‌ఫ్లిక్స్ 2025లో మొదలుపెట్టింది. నీకు కావాల్సింది ఆ సినిమా ఎక్కడ ఆ రూపంలో దొరుకుతుందో వెతుక్కోవడమే.

బెజవాడ_బుల్లోడు
మా తమ్ముడు పెన్ డ్రైవ్‌లో ఏదో డాల్బీ విజన్ ఫైల్ తెచ్చి పెట్టాడు. హీరో ముఖం ఆకుపచ్చ, హీరోయిన్ ముఖం వంకాయ రంగు. ఇది కూడా టోన్ మ్యాపింగేనా?

నిట్స్_నాగు
😂 కాదు. స్ట్రీమింగ్ వాళ్ళు వాడే ప్రొఫైల్ 5లో రంగులనే వేరే పద్ధతిలో రాస్తారు. డాల్బీ విజన్ తెలియని టీవీ వాటిని మామూలు రంగులనుకుని చదివితే అలా వస్తుంది. డిస్కుల్లో ఆ ఇబ్బంది లేదు, కింద హెచ్‌డీఆర్10 పొర విడిగా ఉంటుంది. ఫైల్ ఎక్కడిదని నేను అడగను, నువ్వు చెప్పకు.

డల్లాస్_మూర్తి
నాది 1500 నిట్స్ మినీ ఎల్ఈడీ. డాల్బీ విజన్ పెట్టినా, ఆపేసి హెచ్‌డీఆర్10 పెట్టినా చాలా సినిమాల్లో నాకు వీసమెత్తు తేడా కనబడదు. కళ్ళు పోయాయా, లేక ఇదంతా మార్కెటింగా?

నిట్స్_నాగు
కళ్ళు బాగానే ఉన్నాయి మూర్తి గారూ. సినిమా 1000 నిట్స్ మానిటర్ మీద గ్రేడ్ అయి, మీ టీవీ ఆ వెలుగు అంత విస్తీర్ణంలోనూ ఇవ్వగలిగితే అణచాల్సింది ఏమీ లేదు. వంపే లేనప్పుడు వంపు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే నంబర్ ఎవరికి కావాలి? 4000 మాస్టర్ పెట్టి చూడండి, అక్కడ తేలుతుంది. మహి బాధ 600 టీవీ, 4000 డిస్క్ కలవడం వల్ల వచ్చింది.

ఒక మెలిక ఉంది. రివ్యూల్లో చెప్పే పీక్ సాధారణంగా తెరలో 10 శాతం చదరానికి కొలిచింది. మంచు షాట్‌లా తెర నిండా తెలుపు ఉంటే ఓలెడ్ అంత ఇవ్వలేదు, కరెంటు హద్దు వల్ల మొత్తంగా తగ్గించుకుంటుంది. అది టోన్ మ్యాపింగ్ తర్వాత జరిగే పని, ఏ మెటాడేటా దాన్ని ఆపలేదు. మహికి నేను చెప్పిన 500 నిట్స్ మంచు తెర నిండా పరుచుకుంటే నిజంగా 500 రాదు. కానీ రెండు వంపుల మధ్య తేడా అలాగే కనిపిస్తుంది.

సోఫా_సామ్రాట్
అంటే ఇంత లెక్క చేసి చివరికి టీవీ తన ఇష్టం వచ్చినట్టు తగ్గిస్తుందా. బాగుంది.

మెహదీపట్నం_మహి
సరే, డిస్క్‌ని వదలకుండా మంచు, మేఘం రెండూ దక్కే దారి ఉందా?

నిట్స్_నాగు
రెండున్నాయి. ఒకటి ప్లేయర్‌లోనే టోన్ మ్యాపింగ్ చేయించడం. పానసోనిక్ యూబీ820 లాంటి వాటిలో HDR Optimizer అని ఉంటుంది. టీవీ రకం ఓలెడ్ అని చెబితే 4000 సినిమాను ముందే దాదాపు 1000కి దించి, టీవీకి 1000 అని చెప్పి పంపుతుంది. టీవీ ఇక 230 దగ్గర కాకుండా 460 దగ్గర వంపు మొదలుపెడుతుంది. రెండు చోట్లా అణచడమే కానీ ఫలితం ఒక్క చోట అణచిన దానికంటే బాగుంటుంది. నీ ప్లేయర్‌లో అది లేకపోతే టీవీలో On పెట్టి, అక్క చెప్పిన తలుపు షాట్ లాంటిది ఒకటి పెట్టి చూడు. గోడ కదలడం నీ కంటికి ఆనకపోతే అదే ఉంచేసుకో.

HGiG మాత్రం సినిమాకి వద్దు.

తెరచాటు_రవి
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను. నేను సినిమాకి కూడా HGiG నే వాడతాను, ఎందుకో చెప్తా. నాకు ముఖాలు, గోడలు, నేల సరైన వెలుగులో కావాలి. మాస్టర్‌లో 200 ఉంటే నాకు 200 కావాలి, 500 ఉంటే 500. మేఘం పై అంచు పోతే పోయింది. సినిమాలో ఎక్కువ భాగం షాట్లు 600 దాటవు, దాటినవాటిలో కూడా దాటేది బల్బో, దీపమో, నీళ్ళ మీద మెరుపో. వాటి లోపల డీటెయిల్ చూసి ఏం చేస్తాం? వాటి కోసం మిగతా తెరంతా డల్ చేసుకోవడం నాకు నచ్చదు.

నిట్స్_నాగు
రాత్రి సినిమాకి నీ వాదన నిలుస్తుంది రవీ. మహి అడిగింది మంచు కొండ మీద సగం తెర మేఘం. అక్కడ కోసేస్తే పోయేది బల్బు కాదు, బొమ్మ.

తెరచాటు_రవి
ఒక్క షాట్ కోసం సినిమా మొత్తానికీ సెట్టింగ్ మార్చమంటున్నావు. డిస్క్ చేసింది కూడా అదే కదా, ఒక్క పిక్సెల్ కోసం సినిమా మొత్తం. 😄

రంగులగది
బాగా తగిలించావు రవీ. కానీ రంగు సంగతి మరిచావు. కోసేసినప్పుడు ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా ఆగిపోతాయి. సూర్యాస్తమయంలో నారింజ మేఘం ఉందనుకో, ముందు ఎరుపు హద్దుకు తగిలి ఆగుతుంది, పచ్చ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. నారింజ కాస్తా పసుపు అవుతుంది. డీటెయిల్ పోవడం పక్కన పెట్టు, రంగే మారిపోతుంది. నీ HGiG లో నిప్పు మంటలు నిమ్మకాయ రంగులో ఉన్నాయేమో ఒకసారి చూడు.

తెరచాటు_రవి
ఉన్నాయి. అది డైరెక్టర్ స్టైల్ అనుకున్నా.

ప్రొజెక్టర్_బాబాయ్
😂😂

మెహదీపట్నం_మహి
On పెట్టి నాలుగు సీన్లు చూశాను. మంచు మెరుస్తోంది, మేఘాలు Off కంటే కొంచెం తక్కువ, HGiG కంటే చాలా నయం. గుహలోంచి బయటికి వచ్చే షాట్‌లో రాతి గోడ నల్లబడటం కనిపించింది, రంగులగది గారు చెప్పకపోయుంటే గమనించేవాణ్ణి కాదు, ఇప్పుడు అదే కనిపిస్తోంది. థాంక్స్ అనాలో తిట్టాలో తెలియట్లేదు. ప్రస్తుతానికి ఈ డిస్క్‌కి Off, మిగతావాటికి నంబర్ చూసి నిర్ణయించుకుంటా.

కేబుల్_కిట్టు
ఇంతకీ కేబుల్ మార్చి చూశారా?

బెజవాడ_బుల్లోడు
నాగు అన్నా, క్రికెట్ హెచ్‌ఎల్‌జీలో వస్తే దానికి మెటాడేటా ఏది చూడాలి?

నిట్స్_నాగు
హెచ్‌ఎల్‌జీలో మెటాడేటానే లేదు. బీబీసీ, ఎన్‌హెచ్‌కే లైవ్ ప్రసారాల కోసం చేసిన పద్ధతి అది, బొమ్మ టీవీ పీక్‌ను బట్టి దానంతటదే సర్దుకుంటుంది. దానికి వేరే థ్రెడ్ తెరువు, ఇక్కడ మొదలుపెడితే మహి మళ్ళీ సెట్టింగ్స్ మారుస్తాడు.